చుప్ హై

గజల్ రాసేవాళ్లు చివరి మాట నుంచి మొదలుపెడతారు. ప్రియురాలి మౌనం మీద ఉర్దూలో ఒక షేర్ కట్టాలంటే, ముందు రదీఫ్ కావాలి. మళ్లీ మళ్లీ మారకుండా వచ్చే మాట అది. మనకు "చుప్ హై" చాలు. దానికి ముందు నిలబడి ప్రాసలా కలిసే మాటే కాఫియా. మకాఁ, ధువాఁ, జబాఁ, కహాఁ అన్నీ ఒక జట్టు. వీటిని నిండు సున్నతో పలికితే నడక తప్పుతుంది. మనవాళ్లు దాదాపు మరిచిపోయిన అరసున్న ఇక్కడ అచ్చంగా అక్కరకొస్తుంది.

గజల్ మొదటి షేర్ మత్లా. రెండు పాదాల్లోనూ కాఫియా, రదీఫ్ పడాలి.

ఆప్ చుప్ హైఁ తో యే మకాఁ చుప్ హై
చాయ్ ఠండీ హుయీ, ధువాఁ చుప్ హై

మీరు మాట్లాడకపోతే ఇల్లూ మాట్లాడటం లేదు. చాయ్ చల్లారింది, పొగ కూడా నోరు మూసుకుంది. మొదటి పాదంలో "తో షహ్ర్ భీ చుప్ హై" అని పెట్టి చూడండి. భావం బాగుంది, ఛందస్సూ కుదిరింది, మత్లా మాత్రం కాలేదు: "భీ"కీ "ధువాఁ"కీ ప్రాస లేదు.

ఛందస్సు ఫాఇలాతున్ మఫాఇలున్ ఫేలున్. మన లెక్కలో రగణం మీద గురువు, జగణం మీద గురువు, చివర రెండు గురువులు. కాకపోతే మన లఘుగురువుల అలవాటు రెండుచోట్ల కాలికి అడ్డం పడుతుంది. "ఆప్" మనకు ఒకే గురువు. ఉర్దూలో "ఆ" గురువు, మిగిలిన "ప్" విడిగా లఘువు. "చాయ్" కూడా అంతే. "తో"కి దీర్ఘం ఉన్నా ఇక్కడ నొక్కి లఘువుగా చదువుతారు. తెలుగులో దీర్ఘాన్ని అలా కుదిస్తే ఊరుకోం గానీ, ఉర్దూలో పదాంత దీర్ఘాలకు ఆ వెసులుబాటు ఉంది. "గాలిబ్ గీతాలు" తెలుగులోకి తెచ్చిన దాశరథికి రెండు లెక్కలూ నోటికి వచ్చేవే!

రెండో షేర్ నుంచి మొదటి పాదానికి స్వేచ్ఛ, రెండో పాదానికే కట్టుబాటు.

రాత్ భర్ దేఖ్తీ రహీఁ ఆఁఖేఁ
ఉన్ కీ ఖామోషీ భీ కహాఁ చుప్ హై

కళ్లు రాత్రంతా చూస్తూనే ఉన్నాయి. ఆమె మౌనం మాత్రం ఎక్కడ ఊరుకుంది? ఇన్నాళ్లూ "ఊరుకుంది" అంటూ వచ్చిన రదీఫే, "కహాఁ" పక్కన చేరగానే ఎదురు తిరిగి "ఊరుకోలేదు" అంటోంది. అర్థం ఇలా మారకపోతే రదీఫ్ ఉత్త తోకే. నేనైతే కాఫియా పట్టికలో ముందుగా ఇలాంటి మాటనే వెతుకుతాను.

ఈ షేర్ మొదటి పాదాన్ని "ఆఁఖ్ ఉఠ్తీ హై, బాత్ హోతీ హై" అని రాసినా ఛందస్సు సరిపోయేదే. కానీ చివరి "హై" రదీఫ్‌లోని "హై"తో కలిసి, సగం మత్లాలా వినిపిస్తుంది. దాన్ని ఉస్తాదులు దోషంగా లెక్కిస్తారు. అందుకే పాదాన్ని "ఆఁఖేఁ" దగ్గర ఆపాను.