సగం పోతే రెట్టింపు రావాలి: పతనాల లెక్కల్లో కొన్ని రికార్డులు

రంపచోడవరం సంతకు లక్ష రూపాయలతో దిగిన జీడిపిక్కల వ్యాపారిని ఒకరిని ఊహించుకుందాం. సరుకు కొన్నాక ధర పడిపోయి, చివరికి చేతిలో 50 వేలు మిగిలాయి. మరుసటి ఏడాది 50 శాతం లాభం వచ్చింది. పోయినంతా వచ్చేసిందని ఆయన మీసం మెలేస్తే, గల్లాపెట్టెలో ఉన్నది మాత్రం 75 వేలే. నష్టాన్ని లక్ష మీద కొలిచాం, లాభాన్ని 50 వేల మీద కొలిచాం. శాతాలు రెండూ ఒకటే అయినా రూపాయలు ఒకటి కావు. పాత లక్షను మళ్లీ చూడాలంటే మిగిలిన 50 వేలు ఇంకో 50 వేలు సంపాదించాలి. అంటే నూటికి నూరు శాతం లాభం.

లెక్క తేలికే. పోయిన శాతాన్ని మిగిలిన శాతంతో భాగించాలి. 10 శాతం పోతే 10ని 90తో భాగిస్తాం, 11 శాతం లాభంతో గట్టెక్కుతాం. 20 పోతే 25 కావాలి. 50 పోతే 100, 80 పోతే 400, 90 పోతే 900. మొదట్లో తేడా కంటికి ఆనదు, చివర్లో అందదు. 80 నుంచి 90కి దిగినప్పుడు ‘ఇంకో పదే కదా’ అనిపిస్తుంది. కానీ 20 రూపాయలు 10 అయ్యాయంటే, మిగిలినదాంట్లో మళ్లీ సగం పోయినట్టే.

మనవాళ్లు మరిచిపోని పతనం

తెలుగు మదుపరులకు ఈ లెక్కను అనుభవంతో నేర్పింది హైదరాబాదు కంపెనీ సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబర్ 16న ఆ షేరు సుమారు 226 రూపాయల దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించారు. అమెరికా మార్కెట్లో సత్యం షేరు కుప్పకూలడంతో రాత్రికి రాత్రే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అయినా మర్నాడు ఇక్కడ షేరు 158కి దిగింది. నష్టం 30 శాతం, తేరుకోవడానికి కావలసింది 43 శాతం. కష్టమే గాని, జరగని పని కాదు.

తర్వాత ధర కాస్త కోలుకుని, జనవరి 6 నాటికి 179 దాకా వచ్చింది. ఖాతాల్లో లేని డబ్బు చూపించామని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన ఉత్తరం 7న బయటపడింది. ఆ ఒక్కరోజులో షేరు 40 రూపాయలకు పడింది. డిసెంబర్ నాటి 226తో పోలిస్తే 82 శాతం నష్టం, కావలసిన లాభం 465 శాతం. ఒకరోజు సెలవు తర్వాత, 9వ తేదీన, 24 దగ్గర ముగిసింది. ఈసారి తగ్గింది 16 రూపాయలే. ఆ 16 రూపాయలతో కావలసిన లాభం 465 నుంచి 840 శాతానికి ఎగబాకింది. ఇంత పడ్డాక ఇంకేం పడుతుందిలే అని పట్టుకుని కూర్చున్నవాళ్లు చూడని లెక్క ఇదే.

ఆ ఏప్రిల్లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వేలంలో కంపెనీని గెలుచుకుంది. 24కి కొన్నవాడికి ఆ ధర దగ్గర 140 శాతం లాభం. 226 దగ్గర కొన్నవాడు మాత్రం అదే 58 దగ్గర నూటికి 74 పోగొట్టుకునే ఉన్నాడు. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయేదాకా ఆ షేరు మళ్లీ 226 ముఖం చూడలేదు.

స్టాప్‌లాస్ ఉంటే సరిపోదా?

చాలామంది 20 శాతం దగ్గర గీత గీసుకుంటారు. 226కి అది 181. కానీ 181కి స్టాప్‌లాస్ పెట్టినంత మాత్రాన 181కే అమ్ముడవుతుందన్న హామీ లేదు. ధర గీతను తాకితే ఆర్డర్ లేస్తుంది, అమ్ముడయ్యేది మాత్రం అప్పుడు దొరికిన ధరకే. చెడ్డవార్త రాత్రిపూట వస్తే మర్నాడు ధర గీతను దూకేసి కిందనే మొదలవుతుంది.

ఈ దూకుడును తట్టుకునేది గీత కాదు, వాటా. మొత్తం సొమ్ములో పదో వంతే సత్యంలో పెట్టినవాడిని తీసుకోండి. షేరు 82 శాతం పడినా అతని మొత్తానికి తగిలింది 8 శాతమే, 9 శాతం లాభంతో మళ్లీ మొదటికొస్తాడు. ఉద్యోగం, పొదుపు రెండూ సత్యంలోనే పెట్టుకున్నవాళ్లకు ఆ వీలు లేకపోయింది.

సుదీర్ఘమైన ఎదురుచూపులు

ఒక షేరే కాదు, మొత్తం మార్కెట్ కూడా ఇలా గోతిలో పడుతుంది. అమెరికా డౌ సూచీ 1929 సెప్టెంబర్‌లో 381 నుంచి 1932 జూలైలో 41కి పడింది. 89 శాతం నష్టానికి 825 శాతం లాభం కావాల్సి వచ్చింది. 1954 నవంబర్‌లో గాని పాత గరిష్ఠం దాటలేదు. జపాన్ నిక్కీది ఇంకా పెద్ద కథ. 1989 చివర 38,915 చూసిన సూచీ, దానిని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. డివిడెండ్లు ఈ లెక్కలో లేవు, వాటిని కలిపితే నిరీక్షణ తగ్గుతుంది. వీటి పక్కన మన సెన్సెక్స్ అదృష్టవంతురాలే. 2008 జనవరి నుంచి 2009 మార్చికి 61 శాతం పోయినా, 2010 నవంబర్‌కల్లా తేరుకుంది.

అంత తొందరగా తేరుకోవడం రివాజు కాదు. ఏటా తప్పకుండా 15 శాతం లాభం వస్తుందని ఉదారంగా అనుకుందాం. 10 శాతం నష్టం తొమ్మిది నెలల్లో పూడుతుంది. 20 శాతానికి ఏడాదిన్నర పైన పడుతుంది. 50కి దాదాపు ఐదేళ్లు. 80కి పదకొండేళ్లు దాటుతుంది. గరిష్ఠం నుంచి ఎంత దిగామన్న కొలతనే డ్రాడౌన్ అంటారు. దానికి హద్దు పెట్టుకునేవాడు ‘ఎంత పోతే భరించగలను’ అనడం కన్నా ‘ఎన్నాళ్లు ఎదురుచూడగలను’ అని తనను తాను అడగడమే నయమని నా అభిప్రాయం. పిల్ల పెళ్లి మూడేళ్లలో ఉన్నవాడికి 50 శాతం హద్దు హద్దే కాదు.

వృత్తిగా డబ్బు నడిపేవాళ్లూ దీనికి అతీతులు కారు. న్యూయార్క్ హెడ్జ్ ఫండ్ మెల్విన్ క్యాపిటల్ 2021 జనవరి ఒక్క నెలలో 53 శాతం పోగొట్టుకుంది. పాత స్థాయికి రావాలంటే 113 శాతం లాభం చూడాలి. రాలేదు, మరుసటి ఏడాది మూసివేత ప్రకటించారు. ఇలాంటి ఫండ్లలో సాధారణంగా పాత గరిష్ఠం దాటేదాకా ఫండ్ నడిపేవాళ్లు లాభంలో వాటా కూడా తీసుకోకూడదు. గొయ్యి లోతుగా ఉంటే జీతాలిచ్చి మనుషుల్ని నిలుపుకోవడమే కష్టమవుతుంది.

అందుకే పలువురు ట్రేడర్లను పెట్టి నడిపే పెద్ద ఫండ్లు హద్దును చాలా దగ్గర్లో గీస్తాయి. 5 శాతం పోగానే ఆ ట్రేడర్ చేతి సొమ్ము సగానికి కోత, 7.5 దగ్గర ఇంటికి పంపడం అన్నది ఆ రంగంలో బాగా వినిపించే పద్ధతి. ఇందులో ఒక కిటుకుంది. 100 కోట్లు నడుపుతూ 5 కోట్లు పోగొట్టినవాడికి ఇప్పుడు 50 కోట్లే ఇస్తారు. ఆ 5 కోట్లు రాబట్టాలంటే చేతిలో ఉన్నదాని మీద 10 శాతం సంపాదించాలి. ఉద్యోగం పోవడానికి మాత్రం ఇంకో రెండున్నర కోట్లు, అంటే 5 శాతం, పోగొడితే చాలు.