సోమవారం స్లాబు వద్దు

2023 డిసెంబరు 4, కార్తీక సోమవారం. తెనాలి చుట్టుపక్కల ఏదో ఊళ్లో పన్నెండు వందల చదరపు అడుగుల ఇంటికి ఆ ఉదయం ఆరింటికి స్లాబు పోయాలని ముహూర్తం పెట్టుకున్నారనుకుందాం. సెంట్రింగు అయింది, ఇనుము కట్టారు, మిల్లరుకీ కూలీలకీ అడ్వాన్సు ముట్టింది. చుట్టాలకు కబురు కూడా వెళ్లింది. శనివారం సాయంత్రం సైటు ఇంజినీరు నుంచి యజమాని చేతికి ఒక ఉత్తరం వచ్చింది.

“యజమానిగారికి నమస్కారం. విషయం: సోమవారం స్లాబు పోత వాయిదా గురించి. బంగాళాఖాతంలోని వాయుగుండం తుపానుగా మారి 5వ తేదీన నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటవచ్చని వాతావరణ శాఖ చెబుతోంది. 4, 5 తేదీల్లో మన వైపు భారీ వర్షాల హెచ్చరిక ఉంది. పోత మొదలుపెట్టాక మనకు నచ్చినచోట ఆపడం కుదరదు. పోసిన స్లాబు మీద ఆ రాత్రి దాకా గట్టి వాన పడకూడదు. కాబట్టి 8వ తేదీ దాకా ఆగమని నా సలహా. ఆ రోజు కూడా కింది బాదులు, ఇనుము, ఇసుక చూసుకున్నాకే మొదలుపెడదాం. సిమెంటు బస్తాలు రేపే గదిలోకి మార్పిస్తాను.”

ఉత్తరం ఊహే గానీ తుపాను నిజం. దాని పేరు మిచౌంగ్. 5వ తేదీ మధ్యాహ్నం తెనాలికి దగ్గర్లోనే, బాపట్ల వద్ద తీరం దాటింది.

ఇలాంటి ఉత్తరం అందితే చాలామంది యజమానులకు ముందు వచ్చేది కోపమే. స్లాబు పోశాక ఎలాగూ రోజూ నీళ్లు పెట్టి తడుపుతారు కదా, ఆ పని వానే చేస్తే నష్టమేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గట్టిపడిన స్లాబుకు వాన మేలే చేస్తుంది. గొడవంతా అంతకుముందు గడిచే కొన్ని గంటలతోనే.

ఆ గంటలు ఎన్నో లెక్క వేద్దాం. ఐదంగుళాల స్లాబూ దాని బీములూ కలిపి సుమారు 18 ఘనమీటర్ల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో కలిపితే దాదాపు 145 బస్తాల సిమెంటు పడుతుంది. బస్తా మిల్లరులో ఒక్కో కలుపుకి మూడు నిమిషాలు వేసుకున్నా పని ఏడు గంటలు దాటుతుంది. అంటే ఆరింటికి మొదలైన పోత మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ తెమలదు. చివర పోసిన మూల సాయంత్రం దాకా మెత్తగానే ఉంటుంది. వాతావరణం చల్లబడితే ఇంకా ఆలస్యం. ఇంజినీరు రాత్రి దాకా అని రాసింది అందుకే.

మరి వాన ఎంత? వాతావరణ శాఖ భాషలో భారీ వర్షమంటే 24 గంటల్లో కనీసం 64.5 మిల్లీమీటర్లు. 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఒక మిల్లీమీటరు వాన పడిందంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు పడినట్టు. ఈ స్లాబు విస్తీర్ణం సుమారు 111 చదరపు మీటర్లు కాబట్టి భారీ వర్షంలో అన్నిటికన్నా తక్కువ రకం పడినా ఏడు వేల లీటర్లు దాని మీద కురుస్తాయి. బస్తాకు 30 లీటర్ల చొప్పున మొత్తం స్లాబు కలపడానికి వాడే నీళ్లు నాలుగువేల మూడువందల యాభై లీటర్లకు మించవు.

ఆ నీళ్లన్నీ కాంక్రీటులో కలవవు, చాలావరకు జారిపోతాయి. జారిపోతూ సిమెంటు పాలను వెంట తీసుకుపోతాయి. పైపొరలో ఇసుక, కంకర తేలతాయి. గుంటల్లో నిలిచిన నీళ్లను పనివాళ్లు తాపీతో లోపలికి కలిపేస్తే నష్టం ఇంకా లోతుకు పోతుంది. సిమెంటుకు నీటి పాలు పెరిగేకొద్దీ ఆరిన తర్వాత లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి, బలం తగ్గుతుంది. ఇలా జరిగిన స్లాబు పైపొర మేకుతో గీస్తే పొడి రాలుతుంది, చీపురు వేసిన ప్రతిసారీ బూడిదలాంటి దుమ్ము లేస్తుంది.

టార్పాలిన్ పట్టాలు కప్పొచ్చు కదా అని మేస్త్రీ అంటాడు. పోత పూర్తయ్యాక పడే చిన్న జల్లుకు పట్టా చక్కగా పనికొస్తుంది. తుపాను గాలికి అది నిలవదు. పైగా పోత సాగుతుండగా పట్టా కింద పారా ఆడదు, వైబ్రేటరు తిరగదు. వానలో కరెంటు మోటార్లు నడపడం మనుషుల ప్రాణాలకే ముప్పు.

యజమాని కళ్లు ఎప్పుడూ స్లాబు పైనే ఉంటాయి. అనుభవమున్న ఇంజినీరు కిందికి కూడా చూస్తాడు. పచ్చి కాంక్రీటు ఘనమీటరు దాదాపు రెండున్నర టన్నులు. మన లెక్కలో మొత్తం 45 టన్నుల బరువును సరుగుడు బాదులో ఇనుప జాకీలో మోయాలి. వాటి కాళ్లు ఉండేది చాలా ఇళ్లలో కొత్తగా నింపిన మట్టి మీద. నీళ్లు చేరి ఆ మట్టి మెత్తబడితే ఒక బాదు అంగుళం దిగినా చాలు, అక్కడ స్లాబు కుంగి ఆ వంపుతోనే గట్టిపడుతుంది. ఇంకా దిగితే సెంట్రింగే కూలుతుంది. అందుకే వాన వెలిసిన మర్నాడే తొందరపడటం కూడా తప్పే. 8వ తేదీ ఉదయం ప్రతి బాదు కిందా చెక్క ఉందో లేదో చూడాలి, చీలలు మళ్లీ బిగించాలి, లెవెలు తిరిగి సరిచూడాలి.

ఇనుము తుప్పు పడుతుందన్న భయం మాత్రం అంతగా అక్కర్లేదు. నాలుగు రోజుల వానకు కడ్డీల మీద వచ్చే పలచని ఎరుపు హాని చేయదు. పెచ్చులుగా ఊడే తుప్పయితే వైరు బ్రష్షుతో దులపాలి. కడ్డీలకు అంటిన బురద కడగాలి, బీముల అడుగున నిలిచిన నీళ్లు తోడించాలి. చాలామంది మరచిపోయేది ఇసుక. బస్తా సిమెంటుకు పడే ఇసుక దాదాపు 80 కిలోలు. అందులో నూటికి ఐదు పాళ్లు తడి ఉన్నా నాలుగు లీటర్ల నీళ్లు లెక్కకు రాకుండా మిల్లరులోకి వెళ్తాయి. తడి ఇసుక వాడే రోజున పోసే నీళ్లలో ఆ మేరకు తగ్గించాలి.

వాయిదాకూ ఖర్చుంది. సెంట్రింగు అద్దె పెరగొచ్చు, కూలీల అడ్వాన్సు గురించి మాటామాటా రావొచ్చు, ముహూర్తం మళ్లీ చూడాలి. ఉత్తరంలో ఆ ఖర్చు ఎవరిదో ఒక వాక్యం ఉంటే బాగుండేది. అది లేకపోవడమే తర్వాత తగువులకు మూలం. అటువైపు బస్తా 350 రూపాయలు అనుకున్నా ఈ స్లాబులో సిమెంటే యాభై వేలు. పాడైన స్లాబును పగలగొట్టాల్సి వస్తే ఇనుము, కూలి, కాలం అన్నీ దానికి తోడవుతాయి.

ఆకాశం మబ్బు పట్టిన ప్రతిసారీ పని ఆపమని దీని అర్థం కాదు. ఎల్లో హెచ్చరిక ఉన్న రోజున పట్టాలు సిద్ధంగా పెట్టుకుని తెల్లవారకముందే మొదలుపెట్టే ఇంజినీర్లు ఉన్నారు. ఎండాకాలం సాయంత్రాల్లో వచ్చే ఉరుముల వానకు ఆ ఏర్పాటు సరిపోతుంది. ఆరెంజ్, రెడ్ హెచ్చరికలున్నప్పుడూ తుపాను తీరం దాటే రోజుల్లోనూ వాయిదాయే దారి.

హెచ్చరిక లేకుండా మధ్యలో వాన అందుకుంటే మిల్లరు ఆపాలి. స్పాను మధ్య భాగంలో నిలువుగా చెక్క పెట్టి పోతను అక్కడ ముగించాలి. పోసినంత మేర కప్పాలి. మిగతాది పోసేముందు ఆ అంచును గరుకుగా చెక్కి, కడిగి, సిమెంటు పాలు పూయాలి. ఆ రోజు తీసిన క్యూబులను 28 రోజులకు పరీక్షిస్తే మిల్లరు నుంచి వచ్చిన కాంక్రీటు బలం తెలుస్తుంది గానీ, వానలో తడిసిన పైపొర సంగతి తెలియదు. అనుమానం ఉంటే స్లాబులోంచే కోర్లు తీయించాలి. ఐఎస్ 456 ప్రకారం కోర్ల సగటు బలం ఆ గ్రేడుకు కావాల్సిన క్యూబు బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్క కోరూ 75 శాతానికి దిగకూడదు. కోర్లు తీయడానికి ముందు కడ్డీలు ఎక్కడున్నాయో గుర్తించి వాటిని తప్పించి డ్రిల్లు చేయాలి. పరీక్ష అయ్యాక ఆ రంధ్రాలను కుంచించుకుపోని గ్రౌటుతో పూడ్పించాలి.