ఏజీఎం నోటీసులో ఎక్కడ చూడాలి?

జులై, ఆగస్టు వచ్చాయంటే షేర్లున్నవారి మెయిల్‌బాక్సుల్లో వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసులు వచ్చి పడుతుంటాయి. సమావేశానికి కనీసం 21 రోజుల ముందే పంపాలన్నది చట్టం. చాలామంది డివిడెండ్ ఎంతో చూసి వదిలేస్తారు. కంపెనీ గుట్టు తెలిసేది మిగతా పేజీల్లోనే.

ముందు పైభాగం. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ నోటీసు మీద L85195TG1984PLC004507 అని 21 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి L అంటే షేరు మార్కెట్లో నమోదైన కంపెనీ. కాకపోతే U ఉంటుంది. TG రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న రాష్ట్రం, 1984 కంపెనీ పుట్టిన ఏడాది, PLC పబ్లిక్ లిమిటెడ్, చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరు. L తర్వాతి ఐదంకెలు వ్యాపార రంగానికి గుర్తు. వాటిని మరీ నమ్ముకోకూడదు: సాఫ్ట్‌వేర్ సంస్థ ఇన్ఫోసిస్ సంఖ్యలోనూ అవి 85తోనే మొదలవుతాయి! నోటీసులోని చిరునామా ఒక రాష్ట్రానిదై, సంఖ్యలోని అక్షరాలు మరో రాష్ట్రానివైతే, అది రిజిస్టర్డ్ ఆఫీసా, కార్పొరేట్ ఆఫీసా అని సరిచూసుకోవాలి.

తర్వాత డైరెక్టర్లు. 'వంతు ప్రకారం పదవీ విరమణ చేస్తూ, తిరిగి నియామకానికి అర్హులైన' అనే వాక్యం ఏటా కనిపిస్తుంది. బోర్డులో పదిమంది ఉండి, నలుగురు స్వతంత్ర డైరెక్టర్లు అనుకుందాం. మిగిలిన ఆరుగురిలో కనీసం నలుగురు వంతు పద్ధతిలోకి రావాలి. ఆ నలుగురే ఉంటే, మూడో వంతుకు దగ్గరి సంఖ్య ప్రకారం ఈ ఏడాది ఒకరు దిగి మళ్లీ ఓటు కోరాలి. స్వతంత్ర డైరెక్టరుకు ఈ వంతు లేదు. ఒక విడత అయిదేళ్లకు మించదు. రెండో విడతకు ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లుండాలి.

నోటీసు చివరి అనుబంధంలో ఆ వ్యక్తి వయసు, ఇతర కంపెనీల్లో పదవులు, బోర్డులోని బంధువులు, హాజరైన సమావేశాల సంఖ్య ఉంటాయి. ఏడు సమావేశాల్లో రెండింటికే వచ్చిన వ్యక్తికి మరో అయిదేళ్లు ఎందుకివ్వాలని అడిగే హక్కు వాటాదారుకుంది.

ఇక ఆడిటర్. నమోదైన కంపెనీలో ఒక ఆడిట్ సంస్థ అయిదేళ్ల చొప్పున వరుసగా రెండు విడతలే కొనసాగగలదు, ఆ తర్వాత అయిదేళ్లు దూరంగా ఉండాలి. పదేళ్లు నిండి మారితే మామూలు విషయమే. 'మధ్యలో ఏర్పడిన ఖాళీ' అని రాసి ఉంటే మాత్రం పాత ఆడిటర్ రాజీనామా చేశారేమో చూసి, ఆయన చెప్పిన కారణాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీకి కంపెనీ పంపిన లేఖల్లో వెతకాలి. కొత్తవారి ఫీజు పాతవారిదానికంటే బాగా మారితే, ఎందుకో వివరణలో రాయమని సెబీ నిబంధన. ఆ కారణం రెండు ముక్కల్లో తేల్చేసి ఉంటే, సమావేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.