స్కానులో గర్భాశయం ఖాళీగా కనిపిస్తే

గర్భం నిలిచిందని పరీక్షలో తేలాక తొలి వారాల్లో రక్తం కనిపించినా, పొత్తికడుపులో నొప్పి వచ్చినా డాక్టర్లు స్కాన్ చేయిస్తారు. గర్భం ఎక్కడ ఉందన్నదే ఆ స్కానులో ముందుగా చూసే విషయం. తొలి దశలో పొట్ట మీద నుంచి చేసే స్కాన్ కంటే యోని ద్వారా చేసే స్కానులో స్పష్టత ఎక్కువ.

చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే, దాదాపు ఐదో వారానికి గర్భాశయంలో చిన్న నల్లటి గుండ్రని సంచి కనిపిస్తుంది. ఇదే జెస్టేషనల్ శాక్. అది గర్భాశయపు పొరలో ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. ఐదున్నర వారాలకు దానిలో యోక్ శాక్ అనే చిన్న ఉంగరం, ఆరో వారంలో పిండం గుండె కదలిక కనిపిస్తాయి. ట్యూబులో గర్భం ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి గర్భాశయం మధ్యలో కాస్త ద్రవం చేరి, సంచిలా భ్రమింపజేస్తుంది. యోక్ శాక్ కనిపిస్తే ఆ సందేహం తీరుతుంది.

సంచి అసలే కనిపించకపోతే మూడు కారణాలు ఉండవచ్చు: గర్భం ఇంకా మరీ చిన్నది కావడం, గర్భస్రావం పూర్తయిపోవడం, లేదా గర్భం బయట నిలవడం. బయట నిలిచిన గర్భాన్ని ఎక్టోపిక్ అంటారు. వీటిలో 90 శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే ఉంటాయి. ఒక్క స్కానుతో తేలనప్పుడు రక్తంలో హెచ్‌సీజీ హార్మోన్ కొలిచి, 48 గంటల తర్వాత మళ్లీ కొలుస్తారు.

ఉదాహరణకు, ఆరు వారాల గర్భిణికి కొద్దిగా రక్తస్రావం, కుడివైపు నొప్పి ఉన్నాయనుకుందాం. స్కానులో గర్భాశయం ఖాళీగా ఉంది, హెచ్‌సీజీ 1,100. రెండు రోజులకు అది 1,350 అయింది, అంటే సుమారు 23 శాతమే పెరిగింది. గర్భాశయంలో ఎదిగే గర్భమైతే ఈ దశలో సాధారణంగా సగానికి తక్కువ కాకుండా పెరుగుతుంది. మళ్లీ స్కాన్ చేస్తే కుడి అండాశయం పక్కన, దానితో కలవకుండా కదిలే చిన్న ఉంగరంలాంటి గడ్డ కనిపించింది. దానిలో గుండె కదలిక లేదు, కడుపులో రక్తం చేరలేదు. ఇలాంటప్పుడు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. నాలుగో రోజు, ఏడో రోజు హెచ్‌సీజీ చూస్తారు. ఆ రెండింటి మధ్య కనీసం 15 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు లెక్క. ఆ తర్వాత కూడా అది పూర్తిగా పోయేదాకా వారం వారం పరీక్షిస్తారు.

అయితే అంకెలు గర్భం చోటును చెప్పలేవు. కొన్ని ఎక్టోపిక్‌లలో హెచ్‌సీజీ మామూలుగానే పెరుగుతుంది. నెలసరి తేదీ సరిగా తెలియనివారిలో మంచి గర్భమే ఆలస్యంగా కనిపించవచ్చు. అందుకే పరిస్థితి నిలకడగా ఉన్నంతవరకు, ఒక్క ఖాళీ స్కాన్ చూసి మెథోట్రెక్సేట్ ఇవ్వరు.

ఈ ఎదురుచూపులో నొప్పి ఒక్కసారిగా తీవ్రమైనా, కళ్లు తిరిగినా, భుజం కొసన నొప్పి వచ్చినా ట్యూబు పగిలి లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. బయటికి రక్తం కొద్దిగానే కనిపించినా అప్పుడు తర్వాతి పరీక్ష దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ట్యూబు పగిలినట్టు తేలితే ఆపరేషనే చికిత్స.