డాక్టర్ పేరు కింద ఏం రాయాలి?

జిల్లా కేంద్రానికి దూరంగా ఒక చిన్న పట్టణం, అందులో పాతిక పడకల ఆసుపత్రి ఉందనుకుందాం. ఒక ఫిజీషియన్, ఒక గైనకాలజిస్టు, రాత్రిళ్లు ఒక డ్యూటీ డాక్టర్ ఉంటారు. నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్ నుంచి కార్డియాలజిస్టు వచ్చి వెళ్తారు. ఆ ఆసుపత్రి వెబ్‌సైట్ పెట్టించుకుంటే, ఫిజీషియన్ పేజీకి వచ్చే మొదటి ముసాయిదా తరచూ ఇలా ఉంటుంది: ‘ప్రముఖ షుగర్ స్పెషలిస్టు. మధుమేహానికి శాశ్వత పరిష్కారం. 98 శాతం సక్సెస్. 24 గంటలూ గుండె వైద్యం.’

ఫ్లెక్సీ మీద చూసి చూసి అలవాటైన మాటలివి. రాసినవాళ్లకు మోసం చేయాలన్న ఉద్దేశం ఉండకపోవచ్చు కూడా. కానీ ఆసుపత్రి పేజీలో ఉన్న మాటను నమ్మి ఒక కుటుంబం బస్సెక్కుతుంది, వాడుతున్న మందు మానేస్తుంది, అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుంటుంది. అందుకే ఒక్కో మాటనూ విడిగా పట్టి చూడాలి.

వైద్యుల వృత్తి నియమావళి 2002 నాటిది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమాలు ప్రకటించి, అదే నెలలో వాటిని పక్కన పెట్టింది. దాంతో పాతవే మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేనిదే ఎవరూ స్పెషలిస్టునని చెప్పుకోకూడదని వాటిలో ఉంది. రోగులను ఆకర్షించడానికి ప్రచారం చేసుకోవడాన్ని కూడా అవి తప్పుపడతాయి. ఆ నియమం డాక్టర్‌తో ఆగదు, ఆసుపత్రినీ కలుపుకుంటుంది. మన ఫిజీషియన్ చదివింది ఎండీ జనరల్ మెడిసిన్. షుగర్‌కు చికిత్స చేయడం ఆయన పనే, బాగా చేస్తారు కూడా. అయితే హార్మోన్ల వ్యాధుల్లో ప్రత్యేకంగా డీఎం చదివిన ఎండోక్రైనాలజిస్టు వేరు. రోగికి ఆ తేడా తెలియాలి. కాబట్టి ‘ప్రముఖ షుగర్ స్పెషలిస్టు’ తీసేసి, ‘ఎంబీబీఎస్, ఎండీ (జనరల్ మెడిసిన్), మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్ సమస్యలకు చికిత్స చేస్తారు’ అని రాస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టవుతుంది.

‘శాశ్వత పరిష్కారం’ వీటన్నిటిలో ప్రమాదకరమైనది. టైప్ 2 మధుమేహం ఉన్న కొందరిలో బరువు బాగా తగ్గాక, మందుల్లేకుండానే చక్కెర మామూలు స్థాయిలో నిలుస్తుంది. అది మళ్లీ పెరగవచ్చు కాబట్టి పరీక్షలు మానకూడదు. ఇక టైప్ 1 ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ పిల్లవాడి తండ్రి కూడా ఇదే పేజీ చదువుతాడు. మధుమేహం, మూర్ఛ, క్యాన్సర్, పక్షవాతం వంటి జబ్బుల జాబితా ఇచ్చి, వాటిని నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి ‘డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్’ చట్టం చెబుతోంది. చట్టాన్ని కాసేపు పక్కన పెట్టినా, ‘చక్కెరను అదుపులో ఉంచుకోవడానికి మందులు, ఆహారం, వ్యాయామంపై సలహా ఇస్తారు; ఫలితం వ్యక్తిని బట్టి మారుతుంది’ అన్న వాక్యం ఇద్దరు రోగులకూ నిజమే చెబుతుంది.

ఇక 98 శాతం. ఎంతమందిలో, ఏ జబ్బుకు, ఎన్నాళ్లు గమనించి లెక్కగట్టారు? మధ్యలో రావడం మానేసినవాళ్లను ఏ పక్కన కలిపారు? చిన్న ఆసుపత్రిలో ఇలాంటి లెక్క రాసి ఉంచిన పుస్తకం అరుదు. పుస్తకం లేని అంకె పేజీలో ఉండకూడదు.

‘24 గంటలూ గుండె వైద్యం’ దగ్గర మరింత ఆగాలి. రాత్రి రెండింటికి ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి అక్కడ దొరికేది డ్యూటీ డాక్టర్, ఈసీజీ, ప్రథమ చికిత్స. గుండె రక్తనాళంలోని అడ్డు తొలగించే క్యాథ్‌ల్యాబ్ వేరే ఊళ్లో ఉంటుంది. పేజీని నమ్మి ఇక్కడికి వచ్చి, మళ్లీ అక్కడికి వెళ్లేలోగా గుండె కండరం చచ్చుబడుతూనే ఉంటుంది. అందుకే ఇలా రాయాలి: ‘రాత్రిపూట డ్యూటీ డాక్టర్ ఉంటారు. ఈసీజీ తీస్తారు. యాంజియోప్లాస్టీ సదుపాయం లేదు. కార్డియాలజిస్టు రెండో, నాలుగో ఆదివారం ఉదయం మాత్రమే వస్తారు.’ లేనిదాన్ని లేదని రాయడానికి యాజమాన్యాలు జంకుతాయి. రోగికి అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం మాత్రం అదే.

డాక్టర్ పేరు పక్కన తప్పనిసరిగా ఉండాల్సింది రాష్ట్ర వైద్య మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు. పేజీ తయారుచేసేవారు విజిటింగ్ కార్డు చూసి డిగ్రీలు దించుకోకూడదు. రిజిస్ట్రేషన్ పత్రం నకలు తీసుకోవాలి, ఎండీ కూడా మండలిలో అదనపు అర్హతగా నమోదైందో లేదో చూడాలి, రెన్యువల్ తేదీ రాసుకోవాలి. పేజీ అడుగున ‘వివరాలు సరిచూసిన తేదీ’ పెట్టి, ఆ పని ఎవరిదో ఆసుపత్రిలో ఒకరికి అప్పగించాలి. మానేసి వెళ్లిన డాక్టర్ ఫొటో నెలల తరబడి వేలాడటం చిన్న ఆసుపత్రుల సైట్లలో మామూలే.

ఇదే పేజీలో ‘వీడియోలో సంప్రదించండి’ అన్న బటన్ చేరితే బాధ్యత ఇంకా పెరుగుతుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇందుకు ఆధారం. బుకింగ్‌లో మొట్టమొదటి తెర డబ్బు అడగకూడదు. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, గర్భిణికి రక్తస్రావం వంటివి ఉన్నాయా అని అడగాలి. ‘ఉంది’ అని నొక్కితే స్లాటు ఇవ్వకూడదు. 108కు ఫోన్ చేయమనాలి, ఆసుపత్రి నంబరు పెద్ద అక్షరాల్లో చూపాలి.

తర్వాత రోగి పేరు, వయసు, చిరునామా, ఫోన్. ఇక్కడ తెలుగు ఇళ్లలో ఒక చిక్కు ఎప్పుడూ వస్తుంది. ఊళ్లో ఉన్న తల్లికి డాలస్‌లో ఉన్న కొడుకు బుక్ చేస్తాడు. ఫారంలో తన పేరు, తన వయసు కొట్టేస్తాడు. అరవై ఎనిమిదేళ్ల ఆమెకు రాసిన బీపీ మందుల చీటీ ముప్పై ఎనిమిదేళ్ల మగవాడి పేరు మీద వస్తుంది. ‘రోగి ఎవరు’, ‘బుక్ చేస్తున్నది ఎవరు’ అన్నవి రెండు వేర్వేరు గడులైతే ఈ తప్పు జరగదు. మాట్లాడే సమయంలో తల్లి లైన్లో ఉండాలి. ఆమె లేకుండా కొడుకే మాట్లాడాలంటే ఆమె ఇచ్చిన అధికార పత్రమో, బంధుత్వానికి రుజువో కావాలి. అదే కొడుకు తన జ్వరానికి ఇక్కడి డాక్టర్‌ను బుక్ చేసుకోబోతే సైట్ వద్దనాలి. ఆ మార్గదర్శకాలు భారతదేశం దాటి వర్తించవు.

‘ఏ మందైనా ఆన్‌లైన్‌లో రాసిస్తాం’ అనే మాట కూడా పనికిరాదు. కొన్ని మందులు మొదటిసారి వీడియోలో చూస్తేనే రాయాలి. కొన్ని, అదే జబ్బుకు ఆరు నెలల్లోపు డాక్టర్ నేరుగా చూసి ఉంటేనే కొనసాగించాలి. మత్తు మందులు, కొన్ని రకాల నిద్రమాత్రలు అసలు రాయకూడదు. నిద్రమాత్రల కోసం డబ్బు కట్టి, వీడియోలో కాదనిపించుకున్న మనిషి రిసెప్షన్‌తో గొడవ పడతాడు. బుకింగ్ తెర మీద ఒక్క వాక్యం ఉంటే అంతదూరం వెళ్లదు. ‘మందులు రాయాలా, నేరుగా రమ్మనాలా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు’ అని చెబితే చాలు.

సమయం సంగతి గైనకాలజిస్టు దగ్గర తేలుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు వీడియో అని ఖాయం చేసుకున్నాక, కాన్పు గది నుంచి పిలుపు వస్తే ఆవిడ వెళ్లాల్సిందే. కచ్చితమైన నిమిషం బదులు ‘2:30 నుంచి 3:15 మధ్య ఫోన్ వస్తుంది’ అని రాయడం నయం. ఓపీ వేళలకూ వీడియో వేళలకూ మధ్య ఖాళీ ఉంచాలి. ఎవరో ఒకరు స్లాటు ఎంచుకోగానే చెల్లింపు పూర్తయ్యేదాకా కొద్ది నిమిషాలు అది మరొకరికి కనిపించకూడదు. యూపీఐలో డబ్బు పోయి, స్లాటు ఖాయం కాకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుందో, డాక్టర్ రాలేకపోతే ఏం చేస్తారో ఫీజు పక్కనే ఉండాలి. సంప్రదింపు అయ్యాక రోగి ఫోన్‌కు వెళ్లే మందుల చీటీ మీద, రసీదు మీద మళ్లీ అదే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎవరు చూశారో మందుల షాపువాడికీ, రేపు చూడబోయే మరో డాక్టర్‌కూ దాన్ని బట్టే తెలుస్తుంది.