తలనొప్పి మాత్ర వేసుకున్నా మళ్లీ మళ్లీ వస్తోందా? ఒకసారి రక్త పరీక్ష చేయించుకోండి..!

మధ్యాహ్నం మూడు దాటేసరికి తల బరువెక్కుతుంది. కణతల దగ్గర ఎవరో నొక్కుతున్నట్టు నొప్పి. ఒక కప్పు టీ తాగి, ఒక మాత్ర వేసుకుంటే కాసేపటికి తగ్గుతుంది. రెండు రోజులకు మళ్లీ మామూలే! ఎండ వల్లనో, నిద్ర చాలకనో, ఫోన్ ఎక్కువగా చూడటం వల్లనో అనుకుని సరిపెట్టుకుంటాం. కళ్లద్దాలు మార్చుకుంటాం. చాలామంది మహిళలు చూసుకోని కారణం ఇంకొకటుంది. అదే రక్తహీనత, ఐరన్ లోపం.

ఇది ఎవరికో అరుదుగా వచ్చే సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు కారణాలు చాలానే ఉన్నా, మహిళల్లో ఎక్కువగా కనిపించేది ఐరన్ లోపమే.

రక్తం తగ్గితే తల ఎందుకు నొప్పి పెడుతుంది?

ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను ఒళ్లంతా మోసుకెళ్లేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తయారు కావాలంటే ఐరన్ కావాలి. హిమోగ్లోబిన్ తగ్గితే ఒక్కో చుక్క రక్తం మోసే ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెదడులోని రక్తనాళాలు వెడల్పు అవుతాయి. తల బరువు, పోటు రావడానికి ఇదొక కారణం. మెట్లెక్కినా, బిందె మోసినా నొప్పి పెరగడం, దాంతోపాటు ఆయాసం, గుండె దడ రావడం అందుకే.

నొప్పిని అదుపులో ఉంచే సెరటోనిన్ లాంటి రసాయనాలను మెదడు తయారు చేసుకోవడానికి కూడా ఐరన్ అవసరం. కాబట్టి మైగ్రేన్ ఉన్నవారిలో ఐరన్ తగ్గితే నొప్పి మరింత తరచుగా రావొచ్చు. అలాగని ప్రతి తలనొప్పికీ ఇదే కారణమని కాదు. తలనొప్పితో పాటు ఎప్పుడూ నీరసం, జుట్టు రాలడం, రాత్రిపూట కాళ్లు లాగడం లాంటివి ఉంటే అనుమానించాలి. పచ్చి బియ్యం, బలపాలు, ఐస్ ముక్కలు తినాలనిపించడం కూడా ఐరన్ లోపానికి గట్టి గుర్తే. ఈ సంగతి చాలామంది సిగ్గుపడి డాక్టర్‌కు చెప్పరు.

ఒక ఉదాహరణ చూద్దాం

34 ఏళ్ల మహిళ, ఇద్దరు పిల్లల తల్లి అనుకుందాం. నెలలో 12 రోజులకు పైగా తలనొప్పి. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటోంది. కళ్ల పరీక్ష చేయించుకుంది, బీపీ చూపించుకుంది. రెండూ బాగానే ఉన్నాయి. చివరికి ఒక డాక్టర్ అడిగిన ప్రశ్న వేరు. "నెలసరి ఎన్ని రోజులు ఉంటుందమ్మా? ప్యాడ్ ఎన్ని గంటలకు మారుస్తారు?" ఎనిమిది రోజులు ఉంటుందని, మొదటి మూడు రోజులు రెండు గంటలకోసారి మార్చాల్సి వస్తుందని, గడ్డలు కూడా పడతాయని ఆమె చెప్పింది. "మా అమ్మకూ అంతే సార్, మా ఇంట్లో అందరికీ ఇంతే" అంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. నెలసరిలో 80 మిల్లీలీటర్ల రక్తం పోతే 40 మిల్లీగ్రాముల ఐరన్ పోయినట్టే. మనం తినే తిండి నుంచి శరీరం తీసుకోగలిగేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. అందులోనూ సుమారు 1 మిల్లీగ్రాము రోజువారీగా ఖర్చైపోతుంది. అంటే నెలంతా బాగా తిన్నా మిగిలేది 30 మిల్లీగ్రాములకు మించదు. వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. ఇలా నెల నెలా నిల్వలు కరిగిపోతూ కొన్నేళ్లకు తలనొప్పి, నీరసంగా బయటపడుతుంది.

రిపోర్టులో ఏం చూడాలి?

ఆమెకు డాక్టర్ రెండు పరీక్షలు రాశారు. ఒకటి సీబీపీ, రెండోది ఫెరిటిన్. సీబీపీలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. గర్భిణులు కాని మహిళల్లో ఇది 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. అదే రిపోర్టులో ఎంసీవీ అని ఉంటుంది. అది ఎర్ర రక్తకణం సైజు. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి, ఆమెకు 70 ఉంది. ఐరన్ చాలకపోతే కణాలు ఇలా చిన్నబోతాయి.

ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ లెక్క. హిమోగ్లోబిన్ చేతి ఖర్చు డబ్బులైతే, ఫెరిటిన్ బ్యాంకులో దాచుకున్నది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది 15 కంటే తక్కువుంటే ఐరన్ లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు లోపంగానే చూస్తారు. ఆమెకు వచ్చింది 6. అంటే బ్యాంకు దాదాపు ఖాళీ!

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, హిమోగ్లోబిన్ 12.2 ఉందని ఊరుకోవడం. ముందుగా ఖాళీ అయ్యేది బ్యాంకే. హిమోగ్లోబిన్ తగ్గకముందే ఐరన్ లోపం వచ్చి నీరసం, తలనొప్పి ఉండొచ్చు. రెండోది, ఎంసీవీ తక్కువుందని ఫెరిటిన్ చూడకుండానే ఐరన్ మాత్రలు మింగడం. తలసేమియా జన్యువు ఉన్నవారిలోనూ కణాలు చిన్నగానే ఉంటాయి. ఒంట్లో ఐరన్ సరిపడా ఉంటే వారికి ఆ మాత్రలతో లాభం లేదు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అవి తగ్గాక పరీక్ష చేయించుకుంటే మంచిది.

మాత్రలు మొదలుపెట్టాక ఏమైంది?

రోజుకు ఒక ఐరన్ మాత్ర రాశారు. వారానికే కడుపులో వికారం, మలబద్ధకం. మలం నల్లగా వస్తోందని భయపడి మానేద్దామనుకుంది. మలం నల్లబడటం ఐరన్ వల్లేనని, భయం లేదని డాక్టర్ చెప్పి, రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒక మాత్ర వేసుకున్నాక దాదాపు ఒక రోజంతా పేగులు ఐరన్‌ను తీసుకోవడం తగ్గిస్తాయి. అందుకే రోజు విడిచి రోజు వేసుకున్నా, ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఐరన్ ఒంటికి పడుతుంది, కడుపుకూ తేలిక.

నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ 10.9కి వచ్చింది. తలనొప్పి సగానికి తగ్గింది. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఆరో వారంలో మాత్రలు ఆపేసింది. మూడు నెలలకు మళ్లీ అదే తలనొప్పి, అదే నీరసం. పరీక్ష చేస్తే ఫెరిటిన్ 9 మాత్రమే. చేతి ఖర్చుకు డబ్బులొచ్చాయి గానీ బ్యాంకు నిండలేదు. పైగా నెలసరి రక్తస్రావం అలాగే ఉంది.

ఈసారి పొట్ట స్కానింగ్ చేయిస్తే గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ బయటపడింది. గైనకాలజిస్టు రక్తస్రావం తగ్గడానికి మందులిచ్చారు. ఐరన్ మళ్లీ మొదలైంది. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు వాడింది. చివర్లో ఫెరిటిన్ 48. తలనొప్పి నెలకు రెండు మూడు రోజులకు పరిమితమైంది. నెలసరికి ముందు వచ్చే ఆ నొప్పి మైగ్రేన్ అని తేలింది, దానికి వేరే మందు ఇచ్చారు. ఐరన్ లోపం పోతే తలనొప్పి మొత్తం పోతుందని అనుకోకూడదు అనడానికి ఇదే ఉదాహరణ.

టీ, నొప్పి మాత్రలు.. రెండూ సమస్యే!

తలనొప్పి రాగానే మనం చేసే రెండు పనులూ ఐరన్‌కు శత్రువులే కావడం విచిత్రం. టీ, కాఫీల్లో ఉండే పదార్థాలు తిండిలోని ఐరన్‌ను పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. భోజనానికి, ఐరన్ మాత్రకు కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రలు, గ్యాస్ మాత్రలు కూడా ఐరన్‌తో కలిపి వేసుకోకూడదు. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి.

ఇక డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు తరచూ వాడితే కడుపులో పుండ్లు పడి, తెలియకుండానే రక్తం పోవచ్చు. ఐరన్ పోయే దారి ఇంకోటి తెరిచినట్టే. నెలలో 15 రోజులు, అలా మూడు నెలలకు మించి నొప్పి మాత్రలు వేసుకుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి వచ్చే పరిస్థితి కూడా ఉంది.

బీట్‌రూట్ తింటే చాలా?

బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని మనవాళ్ల నమ్మకం. నిజానికి 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. మాంసాహారులకు మేక కాలేయం, మాంసం మేలు. వాటిలోని ఐరన్ తేలిగ్గా ఒంటికి పడుతుంది. శాకాహారులు తోటకూర, పప్పులు, శనగలు తింటూ పైన నిమ్మరసం పిండుకున్నా, ఉసిరికాయ తిన్నా విటమిన్ సి వల్ల ఐరన్ ఎక్కువగా అందుతుంది. అయితే ఫెరిటిన్ 6కి పడిపోయాక తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కావాల్సిందే. మాత్రలు పడనివారికి, లోపం బాగా ఎక్కువున్నవారికి డాక్టర్లు సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

ఉన్నట్టుండి భరించలేనంత నొప్పి వచ్చినా, చూపు మసకబారినా, మాట తడబడినా, ఒక పక్క చేయి కాలు బలహీనమైనా, ఫిట్స్ వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా ఆగకూడదు. గర్భిణులు, బాలింతలు కొత్తగా వచ్చిన గట్టి తలనొప్పిని అసలు తేలిగ్గా తీసుకోవద్దు. రక్తహీనత ఎక్కువున్నవారిలో అరుదుగా మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. నెలసరి ఆగిపోయిన మహిళల్లో, మగవారిలో ఐరన్ లోపం కనిపిస్తే కడుపు, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో తప్పకుండా చూపించుకోవాలి.

ఈసారి తలనొప్పికి డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు మూడు విషయాలు రాసుకెళ్లండి. నెలలో ఎన్ని రోజులు నొప్పి వచ్చింది, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, నెలసరి ఎన్ని రోజులు ఉంది. ఆ మూడు అంకెలు చూస్తే సీబీపీతో పాటు ఫెరిటిన్ కూడా అవసరమా కాదా అన్నది డాక్టర్‌కు వెంటనే అర్థమవుతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఇందులోని ఉదాహరణ విషయం అర్థం కావడానికి చెప్పింది. పరీక్ష చేయించుకోకుండా, డాక్టర్ సలహా లేకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టవద్దు.)