టేపర్ షాంక్ నంబరు, గేజ్ లైన్ వ్యాసం

పెద్ద డ్రిల్ బిట్ల వెనకభాగం నిలువునా ఒకే లావుతో ఉండదు. బిట్‌కు దగ్గరగా లావుగా మొదలై, చివరికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. ఈ భాగమే టేపర్ షాంక్. డ్రిల్లింగ్ మెషిన్ స్పిండిల్‌లోనూ, స్పిండిల్‌కీ బిట్‌కీ మధ్య వాడే స్లీవ్‌లోనూ ఇదే వాలుతో రంధ్రం ఉంటుంది. స్క్రూ బిగించే పని లేదు. శుభ్రంగా తుడిచి ఒక్క ఊపున లోపలికి తోస్తే చాలు, పట్టేస్తుంది. వాలు చాలా తక్కువ కావడమే ఈ పట్టుకు కారణం. నడిమి గీతతో షాంక్ అంచు చేసే కోణం ఒకటిన్నర డిగ్రీలకు కాస్త తక్కువ. అంత చిన్న కోణంలో ఉక్కుకూ ఉక్కుకూ మధ్య రాపిడిని దాటుకుని షాంక్ తనంతట తాను జారి బయటికి రాలేదు.

డ్రిల్ షాంకుల్లో ఎక్కువగా కనిపించేది మోర్స్ టేపర్. అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో 1864లో డ్రిల్ బిట్ల కంపెనీ పెట్టిన స్టీఫెన్ మోర్స్ పేరు దానికి నిలిచిపోయింది. సైజులు 0 నుంచి 7 దాకా ఉన్నాయి. నంబరు తెలిస్తే ఒక సూత్రంతో వ్యాసం కట్టేయవచ్చని అనిపిస్తుంది గానీ, ఇక్కడ ఆ వీలు లేదు. 1వ నంబరుకు గేజ్ లైన్ దగ్గర వ్యాసం 12.065 మి.మీ., 2కి 17.780, 3కి 23.825, 4కి 31.267. వీటి మధ్య తేడాలు ఒక వరుసలో లేవు. వాలు కూడా అంతే: 2వ నంబరుకు 20.020 మి.మీ. పొడవుకు 1 మి.మీ. సన్నబడితే, 4వ నంబరుకు 19.254 మి.మీ.కే అంత సన్నబడుతుంది. అందుకే పట్టిక చూడక తప్పదు. అయితే షాప్‌లో గుర్తింపుకు అన్ని నంబర్లనూ ‘ఇరవైకి ఒకటి’ అనుకుంటే పెద్దగా తప్పు రాదు.

గేజ్ లైన్ అంటే షాంక్ మీద చెక్కిన గీత కాదు. పట్టికలోని వ్యాసం సరిగ్గా ఏ అడ్డకోత దగ్గర రావాలో ఆ చోటుకు పెట్టుకున్న పేరు. చాలామంది షాంక్ లావు చివర వెర్నియర్ పెట్టి కొలిచి, పట్టికతో కలవలేదని తికమకపడతారు. ఆ చివర గేజ్ లైన్ కాదు కాబట్టి కలవకపోవడమే న్యాయం. 2, 3 నంబర్లలో గేజ్ లైన్ లావు చివర నుంచి 5 మి.మీ. లోపలికి ఉంటుంది. 1వ నంబరులో ఆ దూరం 3.5, 4వ నంబరులో 6.5. ఆ కాస్త దూరంలో వ్యాసం పావు మిల్లీమీటరు అటూఇటూగా మారిపోతుంది. కాబట్టే 2వ నంబరు షాంక్ లావు చివర 17.78 కాకుండా సుమారు 18 మి.మీ. ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 22 మి.మీ. బిట్ ఉంది, షాంక్ మీది నంబరు అరిగిపోయింది. సాధారణంగా 14 మి.మీ. దాకా బిట్లకు 1వ నంబరు, ఆపైన 23 దాకా 2, అక్కడి నుంచి 31.75 దాకా 3 ఇస్తారు. ఆ లెక్కన ఇది 2 కావాలి. అయితే మామూలుకన్నా పెద్ద షాంకుతో చేసిన బిట్లూ దొరుకుతాయి గనుక ఊహతో ఆగకూడదు. షాంక్ మీద మచ్చలు, బొబ్బలు లేకుండా తుడిచి, మార్కర్‌తో రెండు గుర్తులు పెట్టాలి. లావు చివర నుంచి 10 మి.మీ. దగ్గర ఒకటి, 60 మి.మీ. దగ్గర ఇంకొకటి. వెర్నియర్ సన్నంచులు అక్కడ ఆనించి చూస్తే మొదటి చోట 17.54, రెండో చోట 15.04 వచ్చాయనుకుందాం.

తేడా 2.50. రెండు గుర్తుల మధ్య దూరం 50. అంటే మి.మీ.కు 0.05, ఇరవైకి ఒకటి. మోర్స్ కుటుంబమేనని ఇది చెబుతుంది. ఈ మెట్టు దాటేయకూడదు. పాత అమెరికన్ యంత్రాలతో వచ్చే బ్రౌన్ అండ్ షార్ప్ టేపర్ కొన్ని సైజుల్లో లావులో మోర్స్‌కు దగ్గరగానే ఉంటుంది. కానీ దాని వాలు ఇంచుమించు 24కి ఒకటి, 50 మి.మీ.లో తేడా 2.08 మాత్రమే. లావు చూసి మోసపోయినా వాలు పట్టిస్తుంది.

ఇక గేజ్ లైన్ దగ్గర వ్యాసం. అది మొదటి గుర్తుకన్నా లావు వైపు 5 మి.మీ. దూరంలో ఉంటుంది.

D = 17.54 + 5 × 0.05 = 17.79

పట్టికలోని 17.780కి ఇది నూరో వంతు మిల్లీమీటరు తేడాతో కలిసింది. షాంక్ 2వ నంబరే. మెషిన్ స్పిండిల్ 3వ నంబరుదైతే లోపల 2, బయట 3 ఉన్న స్లీవ్ కావాలి.

ఆ నూరో వంతు తేడా నిజమా, చేతి పొరపాటా అన్నది వెర్నియర్ చెప్పలేదు. దానికి మంచి కొలబద్ద స్లీవే. వాలు ఇరవైకి ఒకటి కావడంతో వ్యాసంలో 0.01 మి.మీ. తేడా ఉంటే షాంక్ 0.2 మి.మీ. ముందో వెనకో ఆగుతుంది. వ్యాసంలోని తేడా పొడవులో ఇరవై రెట్లు పెద్దదై కనిపిస్తుందన్నమాట. మంచి స్లీవ్‌లో గేజ్ లైన్ వ్యాసం నోటి దగ్గరే వస్తుంది. అందుచేత 2వ నంబరు షాంక్ దిగి కూర్చున్నాక సుమారు 5 మి.మీ. బయట కనిపించాలి. 3 మి.మీ. మాత్రమే కనిపిస్తే 2 మి.మీ. ఎక్కువ లోపలికి పోయినట్టు. 2ను 20తో భాగిస్తే 0.1. అంటే స్లీవ్ లోపల అంత అరిగింది, లేదా షాంకే గ్రైండింగులో అంత సన్నబడింది. దోషం ఎవరిదో తేలాలంటే అదే స్లీవ్‌లో ఒక కొత్త బిట్ పెట్టి చూడాలి. అదీ లోతుకే పోతే స్లీవ్‌దే తప్పు. ఇక ముందే ఆగి, మామూలుకన్నా ఎక్కువ బయటికి నిలిస్తే మొదట చూడవలసింది చెత్త. లోపల ఇరుక్కున్న చిన్న ఇనుప పొట్టు చాలు.

సరైన చోట ఆగినంత మాత్రాన నిలువునా ఆనిందని అనుకోవద్దు. షాంక్ పొడవునా మూడు చోట్ల పలచగా నీలిరంగు గీసి, స్లీవ్‌లో పెట్టి కొంచెం తిప్పి తీస్తే, ఆనిన చోట రంగు చెదురుతుంది. నిలువునా చెదిరితే మంచిది. లావు చివరే చెదిరితే షాంక్ వాలు స్లీవ్ వాలుకన్నా ఎక్కువ, సన్నటి చివరే చెదిరితే తక్కువ. ఈ రెండింటిలో ఏదైనా బిట్ మొన ఊగుతుంది, రంధ్రం సైజు మించి వస్తుంది.

షాంక్ చివర చదునుగా ఉండే ట్యాంగ్ గురించి ఒక అపోహ ఉంది. బిట్‌ను తిప్పేది అదేనని చాలామంది అనుకుంటారు. అసలు తిప్పేది వాలు మీది రాపిడి. ట్యాంగ్ ముఖ్యంగా స్లీవ్ పక్కనున్న సందులో డ్రిఫ్ట్ దూర్చి బిట్‌ను బయటికి నెట్టడానికి. అరిగిన స్లీవ్‌లో షాంక్ మరీ లోతుకు పోతే ట్యాంగ్ సందు అడుగున తగులుతుంది, వాలు ఆనక ముందే ప్రయాణం ఆగిపోతుంది. అప్పుడు లోడంతా ట్యాంగ్ మీద పడి అది మెలిపడుతుంది, లేదా విరిగిపోతుంది. మెలిపడిన ట్యాంగ్ కనిపించిన ప్రతిసారీ కొత్త బిట్ కొనేముందు స్లీవ్‌ను కొలవాలి. స్లీవ్ మార్చకుండా బిట్ మారిస్తే దాని ట్యాంగ్ కూడా మెలిపడుతుంది.